ఇన్‌వాయిసులు స్పామ్‌లో పడ్డాక: పీణ్యలోని ఒక చిన్న కంపెనీ, తొమ్మిది వారాల మెయిల్ రిపేరు

ఆగస్టు మూడో వారంలో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు పీణ్యలో కంపెనీ పెట్టుకున్న ఒకాయన. "అన్నా, మా ఇన్‌వాయిసులు కస్టమర్లకు చేరడం లేదంట. ఒకరు కాదు, నలుగురు చెప్పినారు. ఒకసారి వచ్చి చూస్తావా?" పరిచయం లేనివాళ్లకు అడగకుండా పంపే కోల్డ్ మెయిళ్ల ఊసే ఎత్తలేదు. అది బయటపడింది మర్నాడు వాళ్ల ఆఫీసులో కూర్చున్నాకే.

పది మంది కూడా లేని కంపెనీ. ఫ్యాక్టరీల్లో వాడే వెర్నియర్లకు, మైక్రోమీటర్లకు, ప్రెషర్ గేజ్‌లకు కాలిబ్రేషన్ గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తు చేసి, ఆడిట్ రోజున సర్టిఫికెట్లన్నీ ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. కొనేవాళ్లు క్వాలిటీ మేనేజర్లు. పీణ్య, బొమ్మసంద్ర, హోసూరు, శ్రీపెరంబుదూరుల్లో ఉంటారు. సేల్స్‌కి తాడిపత్రి కుర్రాడొకడు కొత్తగా చేరాడు. ఉత్సాహం మీద ఎక్కడెక్కడివో 1,800 అడ్రసులు పోగేసి, కంపెనీ మెయిన్ డొమైన్ నుంచి, తన సొంత మెయిల్ ఐడీతో, రోజుకి 900 చొప్పున రెండు రోజుల్లో పంపేశాడు.

గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక యూజర్ రోజుకి 2,000 మెయిళ్ల దాకా పంపొచ్చు. కాబట్టి ఎక్కడా ఆపలేదు, ఎర్రర్ రాలేదు. "గూగులే పంపనిచ్చింది కదన్నా" అన్నాడు కుర్రాడు. పంపనివ్వడం వేరు, అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో పెట్టడం వేరు. ఆ 1,800కి వచ్చిన రిప్లైలు మూడు. అందులో రెండు తిట్లు. మూడో రోజు నుంచి ఇన్‌వాయిసులు, సపోర్ట్ రిప్లైలు కూడా స్పామ్‌లో పడడం మొదలైంది. డొమైన్ ఒకటే కదా, పేరు పోతే అందరికీ కలిపే పోతుంది.

నేను ముందుగా చేసేది ఎప్పుడూ ఒకటే. క్లయింట్ మెయిల్‌బాక్స్ నుంచి నా సొంత జీమెయిల్‌కి ఒక మామూలు మెయిల్ పంపించుకుని, మూడు చుక్కల మెనూలో `Show original` తెరుస్తాను. ఇక్కడ అసలు డొమైన్ పేర్లు రాయను. మెయిన్ డొమైన్ `example.com` అనుకోండి. మెయిల్ వెనక దాగి ఉండే వివరాలే హెడర్. అందులో డీకిమ్ అంటే మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం, ఎస్‌పీఎఫ్ అంటే ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా. ఆ రోజు హెడర్‌లో కనపడ్డ ముక్క ఇది:

```
dkim=pass header.i=@example-com.20230601.gappssmtp.com
spf=permerror smtp.mailfrom=sales@example.com
```

ఫ్రమ్ అడ్రసుతో ఆ రెండూ పొసుగుతున్నాయా అని చూసి, పొసగకపోతే ఏం చేయాలో చెప్పే డీమార్క్ లైనే లేదు. ఎందుకంటే ఆ డొమైన్‌కి డీమార్క్ రికార్డే లేదు.

ఈ రెండు లైన్లను కుర్రాడికి చూపిస్తే, "డీకిమ్ పాస్ అయింది కదన్నా, ఒకటి పాసైతే చాలంటారు" అన్నాడు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అది పాసైన మాట నిజమే, కానీ ఎవరి పేరు మీద పాసైందో చూడాలి. వర్క్‌స్పేస్‌లో మన సొంత డీకిమ్ పెట్టుకోకపోతే, గూగుల్ తన `gappssmtp.com` పేరు మీద సంతకం పెట్టి పంపుతుంది. దాని అర్థం "ఈ మెయిల్ మా సర్వర్ నుంచి వచ్చింది, దారిలో మారలేదు" అని మాత్రమే. "ఇది `example.com` వాళ్లదే" అని కాదు. ఫ్రమ్ అడ్రసులో కనపడే డొమైన్, సంతకంలో ఉన్న డొమైన్ ఒకటే అయితేనే అలైన్‌మెంట్ కుదిరినట్టు. డీమార్క్ చూసేది దాన్నే. మీ చెక్కు మీద పక్కింటాయన సంతకం పెడితే, ఆ సంతకం ఎంత అసలైనదైనా బ్యాంకు డబ్బులివ్వదు కదా.

ఎస్‌పీఎఫ్ సంగతి ఇంకా సిల్లీ. డొమైన్ వివరాలన్నీ ఉండే డీఎన్‌ఎస్‌లో `v=spf1`తో మొదలయ్యే టెక్స్ట్ రికార్డులు రెండున్నాయి. ఒకటి మొదట్లో గూగుల్ కోసం పెట్టింది. రెండోది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు "ఈ రికార్డు యాడ్ చేసుకోండి" అంటే అకౌంటెంట్ విడిగా యాడ్ చేసింది. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండు కనపడితే, అందుకునే సర్వర్ ఏది సరైనదో తేల్చే పని పెట్టుకోదు, `permerror` అని రెండింటినీ పక్కన పెడుతుంది. అంటే రెండో రికార్డు పెట్టిన రోజు నుంచీ ఈ కంపెనీకి ఎస్‌పీఎఫ్ లేనట్టే. రోజుకి పాతిక ముప్పై మెయిళ్లు పోతున్నంతకాలం పాత పరిచయాల మీద బండి నడిచింది. 1,800 వెళ్లేసరికి బోర్లా పడింది.

రెండింటినీ కలిపి ఒకటి చేశాను. బిల్లింగ్ వాళ్ల అసలు పేరు బదులు ఇక్కడ డమ్మీ పేరు పెడుతున్నా:

```
v=spf1 include:_spf.google.com include:spf.billing.example ~all
```

ఇలా ఎన్నైనా చేర్చుకుంటూ పోవచ్చనుకోకండి. ఒక ఎస్‌పీఎఫ్ రికార్డును పరిశీలించేటప్పుడు డీఎన్‌ఎస్ వెతుకులాటలు పది దాటకూడదు. ఒక `include` లోపల ఇంకో `include` ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. దాటితే మళ్లీ అదే `permerror`.

మెయిన్ డొమైన్‌ని ఇలా సర్ది, సొంత డీకిమ్ పెట్టి, ఇకపై దీని నుంచి ఒక్క కోల్డ్ మెయిల్ కూడా పోకూడదని ఫౌండర్‌ని ఒప్పించాను. కోల్డ్ మెయిళ్లకు విడిగా ఒక డొమైన్ కొన్నాం. దాన్ని `example.net` అనుకుందాం. మెయిన్ డొమైన్‌కే సబ్‌డొమైన్ పెట్టుకుంటే సరిపోదా అని ఫౌండర్ అడిగారు. పంపింది మనకు తెలిసినవాళ్లకే అయితే సరిపోతుంది. కోల్డ్ మెయిళ్లలో మచ్చ పడే అవకాశం ఎక్కువ, సబ్‌డొమైన్ మీద పడ్డ మచ్చ తల్లి డొమైన్ దాకా పాకొచ్చు. ఇన్‌వాయిసులతో ఆ పందెం వద్దన్నాను. కొత్త డొమైన్‌కి వర్క్‌స్పేస్ ఖాతా కూడా వేరేగానే తీసుకున్నాం.

అలాగని ఇరవై డొమైన్లు కొని ఒకటి కాలిపోతే ఇంకోటి వాడే పద్ధతి నాకు నచ్చదు. అడ్రసు మార్చుకుంటూ తిరిగేవాడిని ఎవరూ నమ్మరు. మేము ఒకటే కొన్నాం. పేరు చూడగానే కంపెనీ గుర్తొచ్చేలా, బ్రౌజర్‌లో కొడితే మెయిన్ సైట్‌కే వెళ్లేలా పెట్టాం. మెయిల్‌బాక్సులు రెండు. ఒకటి ఫౌండర్ పేరుతో, ఒకటి కుర్రాడి పేరుతో. ఇద్దరూ నిజంగా ఉన్న మనుషులే, ఫొటోలూ వాళ్లవే.

కొత్త డొమైన్‌కి డీకిమ్ పెట్టడం అరగంట పని అనుకుని, రెండు రోజులు పోగొట్టుకున్నాను. అడ్మిన్ కన్సోల్‌లో 2048 బిట్ల కీ తయారు చేసుకుని, రిజిస్ట్రార్ ప్యానెల్లో పేరు దగ్గర `google._domainkey.example.net` అని, విలువ దగ్గర ఆ పొడుగాటి కీ పేస్ట్ చేశాను. మర్నాడు కూడా కన్సోల్ రికార్డు కనపడడం లేదనే అంటోంది. టెర్మినల్లో చూశాను:

```
dig +short TXT google._domainkey.example.net
dig +short TXT google._domainkey.example.net.example.net
```

మొదటిదానికి ఖాళీ. రెండోదానికి కీ వచ్చింది. ఆ ప్యానెల్ మనం ఇచ్చిన పేరు చివర డొమైన్‌ని తనే తగిలిస్తుంది. నేను పూర్తి పేరు ఇచ్చేసరికి డొమైన్ రెండుసార్లు పడింది. పేరు దగ్గర `google._domainkey` అని మాత్రమే ఇవ్వాలి. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, ప్యానెల్ మారినప్పుడల్లా ఏదో ఒకటి ఇలా తగులుతూనే ఉంటుంది.

పేరు సరిచేశాక రెండో తంటా. టెక్స్ట్ రికార్డులో ఒక ముక్క 255 అక్షరాలు దాటకూడదు. 2048 బిట్ల కీ అంతకన్నా పొడుగు. మంచి ప్యానెళ్లు దాన్ని తామే రెండు ముక్కలు చేసి, ఒక్కొక్కటి కొటేషన్లలో పెట్టుకుంటాయి. ఇది మాత్రం నోరెత్తకుండా తోక కోసేసింది. `dig`లో వచ్చిన కీ చివరి అక్షరాలను కన్సోల్‌లోని కీ చివరి అక్షరాలతో పోల్చి చూస్తేగాని తెలియలేదు. కీని మధ్యలో విరిచి, రెండు కొటేషన్ల జతల్లో పెట్టి మళ్లీ సేవ్ చేస్తే కుదిరింది. అప్పుడు కన్సోల్‌లో `Start authentication` నొక్కాలి. డీఎన్‌ఎస్‌లో రికార్డు పెట్టి ఈ బటన్ మర్చిపోయినవాళ్లను చాలామందిని చూశాను. రికార్డు ఉంటుంది, సంతకం మాత్రం పడదు.

డీమార్క్‌ని మెత్తగా మొదలుపెట్టాం:

```
v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com
```

`p=none` అంటే ఫెయిలైన మెయిళ్లను ఏమీ చేయొద్దు, రిపోర్టు మాత్రం పంపు అని. ఆ రిపోర్టులు మెయిన్ డొమైన్‌లోని ఒక మెయిల్‌బాక్స్‌కి రావాలని అడిగాం. ఐదు రోజులైనా ఒక్కటీ రాలేదు. రిపోర్టు వేరే డొమైన్‌కి పోవాలంటే ఆ డొమైన్ "సరే, నాకు పంపండి" అని ముందే చెప్పి ఉండాలి. లేకపోతే ఎవరైనా ఎవరి మెయిల్‌బాక్స్‌నైనా రిపోర్టులతో నింపేయొచ్చు కదా. `example.net._report._dmarc.example.com` అనే పేరుతో `v=DMARC1` అనే టెక్స్ట్ రికార్డు పెట్టాక, మర్నాటి నుంచి రావడం మొదలయ్యాయి.

మెయిన్ డొమైన్‌కీ అలాంటి రికార్డే పెట్టాం. దాని రిపోర్టుల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వెళ్లే మెయిళ్లన్నీ అలైన్‌మెంట్‌లో ఫెయిలవుతున్నాయని తేలింది. ఎస్‌పీఎఫ్ పాసే, కాకపోతే అది చూసే రిటర్న్ పాత్‌లో, అంటే చేరని మెయిళ్లు తిరిగొచ్చే అడ్రసులో, ఉన్నది వాళ్ల డొమైన్. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మన డొమైన్‌తో డీకిమ్ సంతకం పెట్టించుకునే వీలుంది. పెట్టించాం. ఇన్‌వాయిసులు స్పామ్‌లో పడడానికి కుర్రాడి 1,800 ఒక కారణం, ఇది ఇంకో కారణం. ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. నింద మాత్రం మొత్తం వాడి మీదే పడింది, పాపం.

సెప్టెంబరు మొదటి వారం నుంచి వార్మప్, అంటే కొత్త డొమైన్‌కి మెల్లగా పేరు తెచ్చుకోవడం. దీనికి గూగుల్ ఇచ్చిన అంకెలేమీ లేవు. తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి, ఒక్కసారిగా ఎగబాకొద్దు, మీ మెయిళ్లు చదివేవాళ్లకు ముందు పంపండి అంటుంది, అంతే. కింద రాసినవి నా అనుభవం మీద వేసుకున్న అంకెలు.

మొదటి వారం ఒక్క కోల్డ్ మెయిల్ కూడా లేదు. మెయిల్‌బాక్స్‌కి రోజుకి ఐదు నుంచి పది, అన్నీ తెలిసినవాళ్లకే. పాత కస్టమర్లు, కాలిబ్రేషన్ ల్యాబుల వాళ్లు, సీఏ, ఆఫీసు రెంటు ఓనర్. పనికిమాలిన హాయ్ బాయ్ మెయిళ్లు కాదు, ఎలాగూ రాయాల్సినవే కొత్త ఐడీ నుంచి రాయమన్నాను. "ఇకపై నన్ను ఈ అడ్రసులో కూడా పట్టుకోవచ్చు, మీ సెప్టెంబరు ఆడిట్ తేదీ ఖాయమైందా?" లాంటివి. ఇలాంటివాటికి రిప్లై వస్తుంది. అవతలివాళ్లు మనకు రిప్లై ఇవ్వడం, కాంటాక్ట్స్‌లో చేర్చుకోవడం, స్పామ్‌లో పడితే బయటికి తీయడం, కొత్త డొమైన్‌కి పేరొచ్చేది వీటితోనే.

కుర్రాడు ఒక టూల్ చూపించాడు. నెలకి ఇంత కడితే వేల మెయిల్‌బాక్సులు మనకు మెయిళ్లు పంపి, మన మెయిళ్లకు రిప్లైలు ఇచ్చి, స్పామ్ నుంచి బయటికి లాగుతాయట. వద్దన్నాను. ఆ మెయిల్‌బాక్సుల వెనక మనుషులుండరు. ఆ గుంపులో మన పక్కన ఎవరున్నారో తెలియదు. బొమ్మసంద్రలో క్వాలిటీ మేనేజర్‌కి మన మీద నమ్మకం పుట్టించేది ఆ గుంపులోని రిప్లైలు కాదు. జీమెయిల్ ఇలాంటి దొంగ చప్పట్లను పట్టుకోవడం నేర్చుకుంటూనే ఉంటుంది.

రెండో వారం తెలిసినవాళ్లు పది, కోల్డ్ ఐదు. కోల్డ్ మెయిల్ మామూలు టెక్స్ట్‌లో ఆరేడు లైన్లు. లింకు లేదు, పీడీఎఫ్ లేదు, దాచిన బొమ్మతో మెయిల్ తెరిచారో లేదో కనిపెట్టే ఓపెన్ ట్రాకింగ్ లేదు. ఆపిల్ మెయిల్ 2021 నుంచీ, చదివినా చదవకపోయినా బొమ్మలను ముందే తెచ్చి పెట్టేసుకునే వీలిచ్చింది. ఇక ఓపెన్ రేటు చూసుకుని మురిసిపోవడంలో అర్థం లేదు. చివర్లో ఆఫీసు అడ్రసు, "అవసరం లేదనుకుంటే వద్దు అని ఒక్క మాట రాయండి, మళ్లీ పంపం" అనే లైను పెట్టాం. ఆ వారం 50 కోల్డ్ మెయిళ్లకు నాలుగు రిప్లైలు వచ్చాయి. కుర్రాడి ముఖం వెలిగింది. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

మూడో వారం ప్లాన్ ప్రకారం మెయిల్‌బాక్స్‌కి రోజుకి పది కోల్డ్ మెయిళ్లు. వాడు నాకు చెప్పకుండా ఇరవై చేశాడు. పైగా జాగ్రత్తగా తయారు చేసిన లిస్టు అయిపోయిందని, ఒక పాత ఎగ్జిబిషన్ డైరెక్టరీలోని అడ్రసులు ఎక్కించాడు. మంగళ, బుధ రెండు రోజుల్లో 80 మెయిళ్లు. బుధవారం రాత్రి ఫోన్: "అన్నా, మెయిళ్లు తిరిగొస్తున్నాయి." 11 బౌన్సులు. తెరిచి చూస్తే ఎక్కువ భాగం ఇదే:

```
550-5.1.1 The email account that you tried to reach does not exist.
```

మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుంచి వచ్చినవాటిలో `5.1.10`. రెండింటి అర్థమూ ఒకటే, ఆ మనిషి అక్కడ లేడు. బౌన్సుల్లో నేను ముందు చూసేది ఈ కోడ్‌నే. `5.1` అంటే లిస్టు తప్పు. `5.7` అంటే మన మీద అనుమానం, ఆథెంటికేషనో పాలసీయో తేడా కొట్టింది. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, తర్వాత రమ్మని. ఎనభైకి పదకొండు అంటే నూటికి పద్నాలుగు దాకా. నేను రెండు దాటితేనే ఆపేస్తాను. లేని అడ్రసులకు ఇంతలా రాసేవాళ్లు సాధారణంగా లిస్టు కొనుక్కున్నవాళ్లే. అందుకునే సర్వర్లూ అలాగే అనుకుంటాయి.

గురువారం పొద్దున మా టెస్ట్ ఐడీల్లో ఫలితం కనపడింది. రెండు జీమెయిళ్లు, రెండు అవుట్‌లుక్‌లు, ఒక యాహూ పెట్టుకున్నాం. అప్పటిదాకా అన్నింట్లో ఇన్‌బాక్స్‌లోనే పడుతున్న మెయిల్, ఒక జీమెయిల్‌లోనూ ఒక అవుట్‌లుక్‌లోనూ స్పామ్‌లోకి పోయింది. కోల్డ్ మెయిళ్లు పూర్తిగా ఆపించాను. తెలిసినవాళ్లతో నడుస్తున్న ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం ఆపొద్దన్నాను. మొత్తం నోరు మూసుకుంటే మంచి సంకేతాలు కూడా ఆగిపోతాయి. మిగిలిన లిస్టును వెరిఫికేషన్ టూల్‌లో వేసి వడకట్టాం. కొన్ని ఫ్యాక్టరీల డొమైన్లు ఏ అడ్రసుకి రాసినా "ఉంది" అనే చెప్తాయి. వాటిని టూల్ తేల్చలేదు. అలాంటి 40 కంపెనీలకు కుర్రాడే ఫోన్ చేసి రిసెప్షన్‌లో పేర్లు కనుక్కున్నాడు. రెండు రోజులు పట్టింది. ఆ ఫోన్ కాల్సే తర్వాత వాడికి ఎక్కువ పనికొచ్చాయి, అది వేరే కథ.

నాలుగో వారం సోమవారం మళ్లీ మెయిల్‌బాక్స్‌కి పదితో మొదలుపెట్టాం. ఆ వారాంతానికి జీమెయిల్‌లో ఇన్‌బాక్స్‌కి తిరిగొచ్చాం. అవుట్‌లుక్ మాత్రం మొండికేసింది. టెస్ట్ ఐడీలను ఎక్కువ నమ్మలేం కూడా. మనం రోజూ తెరిచి చూసుకునే ఐడీ కాబట్టి, కొన్నాళ్లకి ఆ ప్రొవైడర్ మన మెయిల్‌ని ఎలాగూ ఇన్‌బాక్స్‌లో పెట్టడం నేర్చేసుకుంటుంది. మన డొమైన్ పేరెలా ఉందో చూపించే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్ చేర్చాం గానీ, అది పర్సనల్ జీమెయిల్‌కి వెళ్లినవాటినే లెక్కేస్తుంది. రోజుకి ఇరవై ముప్పై మెయిళ్లకు ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది. ఎక్కువ పంపేవాళ్లకు గూగుల్ పెట్టిన గీత ఉందిగా, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపుంటే మంచిది అని. మనలాంటివాళ్లకు ఆ లెక్క అందులో కనపడదు. రోజుకి అరవై మెయిళ్లలో ఒక్కరు స్పామ్ బటన్ నొక్కితే ఆ రోజుకి ఒకటిన్నర శాతం దాటినట్టే.

అందుకే ఫౌండర్‌తో ఒక పని చేయించాను. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ క్వాలిటీ మేనేజర్ ఆయనకు పరిచయం, మెయిల్ ఆయనకూ వెళ్లింది, రిప్లై లేదు. ఫోన్ చేసి, "సార్, ఒక్కసారి జంక్‌లో చూస్తారా? ఉంటే హెడర్ కాపీ చేసి పంపండి, మా మెయిల్ ఎందుకు పడిందో తెలుసుకోవాలి" అని అడిగారు. పాపం ఆయన పంపారు. వాళ్లది మైక్రోసాఫ్ట్ 365. అందులోంచి కావలసిన ముక్కలు:

```
spf=pass  dkim=pass  dmarc=pass  compauth=pass reason=100
SFV:SPM; SCL:5
```

పై లైను చూస్తే నూటికి నూరు. కింది లైను చూస్తే స్పామ్. `SCL` అంటే మైక్రోసాఫ్ట్ వేసే స్పామ్ మార్కు. 5 అంటే స్పామ్‌గా లెక్కగట్టి జంక్‌లో వేసింది, 9 అంటే కచ్చితంగా స్పామ్ అనుకుంది. ఈ హెడర్ ప్రింటు తీసి కుర్రాడి టేబుల్ దగ్గర అంటించాను. ఆథెంటికేషన్ అంతా పాసయ్యాక కూడా జంక్‌లో ఎందుకు పడుతుందని అడిగే ప్రతివాడికీ చూపించాల్సిన కాగితం అది. మీరెవరో రుజువైంది, అంతవరకే. మీరు మంచివాళ్లా కాదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

ఆ మెయిల్‌ని తిరగేసి చూస్తే, ఫౌండర్ సంతకం కింద మీటింగ్ బుక్ చేసుకునే షార్ట్ లింకు ఒకటి ఉంది. నేను లింకులు వద్దన్నది మెయిల్ బాడీలోనే అనుకున్నారట. షార్ట్ లింకు డొమైన్‌ని మనతో పాటు లోకంలోని మోసగాళ్లూ వాడుతుంటారు, వాళ్ల పాపం మనకూ అంటుతుంది. తీసేయించాను. తర్వాతి వారం అదే మేనేజర్‌కి లింకు లేకుండా వెళ్లిన మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడింది, `SCL:1`. లింకు వల్లే అని ప్రమాణం చేసి చెప్పలేను. ఫోన్ వచ్చాక ఆయన మొదటి మెయిల్‌ని "జంక్ కాదు" అని మార్క్ చేశారు, అది కూడా పనిచేసి ఉండొచ్చు. అయితే మిగతా 365 డొమైన్ల నుంచి కూడా ఆ వారం నుంచే రిప్లైలు రావడం మొదలైంది. అందుకని లింకునే అనుమానిస్తాను.

ఐదో వారంలో ఒక భయం. మెయిల్‌బాక్స్‌కి పదిహేను పంపుతుంటే, బుధవారం నుంచి రిప్లైలు ఒక్కసారిగా సున్నా. కుర్రాడికి టెన్షన్. "మళ్లీ స్పామ్‌లో పడ్డామన్నా!" బౌన్సులు చూశాను, లేవు. టెస్ట్ ఐడీలన్నింట్లో ఇన్‌బాక్సే. వచ్చినవల్లా "ఫ్యాక్టరీకి సెలవు" అనే ఆటో రిప్లైలు. కిటికీలోంచి చూస్తే కింద వర్క్‌షాపులో లేత్ మెషీన్‌కి చేమంతి దండ వేసి గుమ్మడికాయ కొడుతున్నారు. ఆయుధ పూజ! బెంగళూరులో ఉంటూ ఆ వారం క్వాలిటీ మేనేజర్లకు మెయిళ్లు పెట్టాలనుకున్న మా తెలివికి నవ్వుకుని, మూడు రోజులకే ఆ వారం ముగించాం. ఆటో రిప్లై రావడమంటే మెయిల్ లోపలికి వెళ్లినట్టే కాబట్టి, ఒక రకంగా ఊరట కూడా.

ఆరో వారం ఇరవై, ఏడో వారం ఇరవై ఐదు, ఎనిమిది తొమ్మిది వారాల్లో ముప్పై. అక్కడ ఆపేశాం. పంపేది పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా, మధ్య మధ్య విరామంతో. ఒక్కొక్కరికి ఒక్క ఫాలో-అప్ మించి లేదు. తొమ్మిది వారాల్లో, ఆ పాడు 80తో సహా, దాదాపు 1,300 కోల్డ్ మెయిళ్లు వెళ్లాయి. రిప్లైలు 52, అందులో 19 "వద్దు" అని. డెమోలు పదకొండు. డైరెక్టరీ గొడవ తర్వాత బౌన్సులు నూటికి ఒకటి దాటలేదు. మెయిన్ డొమైన్ ఇన్‌వాయిసులు తిరిగి మామూలు కావడానికి మూడు వారాలు పట్టింది. దానికి ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. రికార్డులు సరిచేశాం, పెద్ద బ్యాచులు ఆపాం, నలుగురు కస్టమర్లకు ఫోన్ చేసి స్పామ్‌లోంచి బయటికి తీయమన్నాం.

తొమ్మిదో వారం చివర్లో కుర్రాడు మళ్లీ అడిగాడు: "అన్నా, ఇప్పుడు వేడెక్కింది కదా, రోజుకి రెండు వందలు పెట్టొచ్చా?" వార్మప్ అనే మాట వల్ల వచ్చే చిక్కు ఇది. ఇంజన్ ఒకసారి వేడెక్కితే ఎంత స్పీడైనా పోవచ్చు అనిపిస్తుంది. మెయిల్ అలా కాదు, ఈ వారం పేరు ఈ వారం పంపినవాటి మీదే నిలబడుతుంది. ముప్పై నుంచి రెండు వందలకు ఎగిరితే మళ్లీ మూడో వారం బుధవారమే. పైగా వాడి దగ్గర నెలకి సరిపడా మంచి అడ్రసులే వెయ్యి లోపు. అది చెప్పాక, మూడో మెయిల్‌బాక్స్ ఒకటి పెట్టి దాన్ని మొదటి వారం నుంచి మొదలుపెడదామని ఒప్పుకున్నాడు.

కొత్త డొమైన్‌లో మెయిల్ పంపేది వర్క్‌స్పేస్ ఒక్కటే. రిపోర్టుల్లో వేరే ఎవరూ కనపడలేదు కాబట్టి, దాని డీమార్క్‌ని ఎనిమిదో వారంలోనే `p=reject` చేశాం, అంటే ఫెయిలైనవాటిని తిప్పికొట్టమని. మెయిన్ డొమైన్ ఇంకా `p=none`లోనే ఉంది. రిపోర్టుల్లో రోజుకి రెండు మూడు మెయిళ్లు ఎవరిదో వెబ్ హోస్టింగ్ ఐపీ నుంచి ఫెయిలవుతూ కనపడుతున్నాయి. తవ్వితే వాళ్ల వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారం అని తేలింది. సైట్ చేసినాయన హోసూరులో ఉంటాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఆయన దొరికి ఆ ఫారంని వర్క్‌స్పేస్ మీదుగా పంపించేదాకా `p=quarantine`కి వెళ్లం. వెళ్తే సైట్ నుంచి వచ్చే ఎంక్వైరీలే ముందు స్పామ్‌లో పడతాయి.